వెంట్ టు ఆఫీస్ ఎస్టర్‌డే: ఇంతకీ వెళ్ళిందెవరు?

సాఫ్ట్‌వేర్ సపోర్ట్ టీముల్లో షిఫ్ట్ దిగిపోయేవాళ్ళు, తర్వాత వచ్చేవాళ్ళ కోసం ఒక నోట్ రాసిపెట్టి వెళ్తారు. హ్యాండోవర్ నోట్ అంటారు దాన్ని. ఆ షిఫ్టులో ఏం చెడింది, ఏం బాగుచేశారు, ఇంకా ఏం మిగిలింది అన్నవి అందులో ఉంటాయి. హైదరాబాద్‌లో రాసిన నోట్‌ను అమెరికాలో కూర్చున్నవాళ్ళు చదువుకుని పని అందుకోవాలి. మనవాళ్ళు రాసే నోట్ చాలాసార్లు ఇలా ఉంటుంది: "చెక్డ్ ద సర్వర్. వాజ్ డౌన్. రీస్టార్టెడ్. కాల్డ్ క్లయింట్. సెడ్ విల్ చెక్ అండ్ కన్ఫర్మ్. టోల్డ్ టు వెయిట్ టిల్ మండే."

తెలుగువాడు చదివితే ఇందులో ఎక్కడా తట్టుకోడు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాడు మొదటి నాలుగు ముక్కలూ ఎలాగో దాటి, ఐదో దాని దగ్గర ఆగిపోతాడు. చూసి చెబుతానన్నది ఎవరు, క్లయింటా, నోట్ రాసినవాడా? ఇక ఆరోది. సోమవారం దాకా ఆగమని ఎవరు ఎవరికి చెప్పారు? రాసినవాడి ఉద్దేశం "ఆగమని క్లయింటుకు చెప్పాను" అని. చదివినవాడికి మాత్రం "మమ్మల్ని ఆగమన్నారు" అని అర్థమవుతుంది. దాంతో అతను నిశ్చింతగా ఆగుతాడు. అక్కడ క్లయింటూ ఆగుతాడు. సోమవారం ఫోన్ మోగేదాకా రెండువైపులా ఎవరి పాటికి వాళ్ళు కూర్చుంటారు.

ఈ నోట్‌లో కాలాలు తప్పలేదు, స్పెల్లింగులు తప్పలేదు. క్రియలన్నీ సరైనవే. పోయినవల్లా ఐ, హి, ఇట్, దెమ్ లాంటి చిన్న మాటలు. అవి ఎందుకు పోయాయో తెలియాలంటే, రాసేటప్పుడు ఆ మనిషి మనసులో మెదిలిన తెలుగు వాక్యాలను బయటికి తీయాలి: "సర్వర్ చూశాను. డౌన్ అయింది. రీస్టార్ట్ చేశాను. క్లయింటుకు ఫోన్ చేశాను. చూసి చెబుతానన్నాడు. సోమవారం దాకా ఆగమన్నాను."

ఇందులో నేను అనే మాట ఒక్కసారి కూడా లేదు. అవసరం లేదు కాబట్టే లేదు. చూశాను అంటే చూసింది నేనే. చూశావు అంటే నువ్వు, చూశాడు అంటే అతను, చూశాం అంటే మేమో మనమో. తెలుగు క్రియ చివరన ఎవరన్నది అంటుకునే వస్తుంది. ముందు నేను అని పెడితే అదనంగా ఇంకేదో చెప్పినట్టవుతుంది. "నేను ఆఫీసుకు వెళ్ళాను" అన్నామంటే, మరి నువ్వెక్కడికి వెళ్ళావనో, మిగతావాళ్ళు ఎగ్గొట్టారనో ఒక ధ్వని వస్తుంది. ప్రతి వాక్యానికీ ముందు నేను, నేను అంటూ మాట్లాడేవాణ్ణి మన ఊళ్ళలో గొప్పలు చెప్పుకునేవాడి కింద జమకడతారు.

ఇంగ్లీషుకు వస్తే వెంట్ అనేది ఎవరు వెళ్ళినా వెంటే. ఐ వెంట్, యు వెంట్, షి వెంట్, దే వెంట్. క్రియ తానుగా ఏమీ చెప్పదు, చెప్పే పనంతా ముందున్న చిన్న మాటదే. మనం వెళ్ళానును వెంట్‌గా మార్చినప్పుడు వెళ్ళు అనే సగం మాత్రమే దాటింది, ను అనే సగం ఒడ్డునే మిగిలిపోయింది. ఆ మిగిలిపోయిన ను కే ఇంగ్లీషులో ఐ అని పేరు. "వెంట్ టు ఆఫీస్ ఎస్టర్‌డే" అనే మనిషి తన లెక్కలో ఏదీ వదిలిపెట్టలేదు. వాక్యం మొత్తం చెప్పాననే అనుకుంటున్నాడు. అందుకే తప్పు చూపించినా అతనికి కనపడదు.

అయితే విభక్తులో, క్రియ చివర్లో ఉన్న అక్షరాలో మాత్రమే ఈ అలవాటుకు కారణమనుకుంటే కథ సగమే. ఒక్క చిన్న పరీక్ష చేసి చూడండి. "నిన్న ఆఫీసుకు వెళ్ళలేదు." ఎవరు వెళ్ళలేదు? నేను వెళ్ళలేదు, నువ్వు వెళ్ళలేదు, అతను వెళ్ళలేదు, వాళ్ళు వెళ్ళలేదు. అన్నిటికీ వెళ్ళలేదు ఒక్కటే. వెళ్ళాలి, వెళ్ళొచ్చు, వెళ్ళకూడదు కూడా అంతే. ఇక్కడ మన క్రియ ఇంగ్లీషు వెంట్ అంత మూగది. అయినా మనం నేను అని చేర్చం. ఎవరి గురించి మాట్లాడుకుంటున్నామో ఇద్దరికీ తెలుసు కదా అని వదిలేస్తాం.

ఆకలి, దాహం, తెలియడం, నచ్చడం లాంటివి చెప్పే తీరు కూడా దీనికి తోడవుతుంది. ఆకలేస్తోంది, తెలియదు, అర్థం కాలేదు, కావాలి, కుదరదు. వీటి ముందు రావలసింది నేను కాదు, నాకు. ఆ నాకు కూడా చాలాసార్లు నోట్లోనే ఉండిపోతుంది. అందుకే మన ఇంగ్లీషులో "ఫీలింగ్ హంగ్రీ", "నాట్ అండర్‌స్టుడ్", "నీడ్ లీవ్ టుమారో", "నాట్ పాసిబుల్ టుడే" అంత ధారాళంగా దొర్లుతాయి. వీటిలో కొన్ని ఇంగ్లీషువాళ్ళ నోటా వినిపిస్తాయి గానీ, పై అధికారికి సెలవు అడుగుతూ రాసే మెయిల్‌లో కాదు.

చైనీస్ భాషలో క్రియకు ఎవరన్నది చెప్పే ప్రత్యయాలే లేవు. అయినా వాళ్ళు కర్తనూ కర్మనూ కూడా హాయిగా వదిలేస్తారు. ఇదెలా సాధ్యమన్నది భాషాశాస్త్రజ్ఞులను చాలాకాలం తికమక పెట్టింది. సి. టి. జేమ్స్ హువాంగ్ 1984లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసం దీని గురించే. కొన్ని భాషల్లో ఆ ఖాళీని క్రియ నింపుతుంది, కొన్నిటిలో సంభాషణలో నడుస్తున్న విషయం నింపుతుంది అన్నది ఆయన చూపించిన దారి. తెలుగు ఈ రెండు పనులూ చేస్తుంది. వెళ్ళానులో క్రియ నింపుతుంది, వెళ్ళలేదులో మాటల సందర్భం నింపుతుంది.

ఇక్కడ మనం కాస్త ధైర్యం తెచ్చుకోదగ్గ లెక్క ఒకటుంది. ప్రపంచ భాషల నిర్మాణాలను పటాలుగా పరిచిన ఒక అట్లాసు కోసం మాథ్యూ డ్రయర్ 711 భాషల్లో ఈ సంగతి పరిశీలించాడు. కర్త స్థానంలో సర్వనామం తప్పకుండా ఉండి తీరాలనే భాషలు వాటిలో 82 మాత్రమే. ఇంగ్లీషు ఆ చిన్న గుంపులోది. వింత అలవాటు ఎవరిదని అడిగితే, వేలు మన వైపు తిరగదు.

ఆ పట్టుదల ఎంతదాకా పోతుందో వాన పడినప్పుడు తెలుస్తుంది. మనకు "వాన పడుతోంది" అంటే సరిపోయింది, పడేది వానే. ఇంగ్లీషులో "ఇట్ ఈజ్ రెయినింగ్" అనాలి. ఆ ఇట్ ఏమిటి అని అడిగితే జవాబు లేదు. ఆకాశమూ కాదు, మబ్బూ కాదు. కర్త కుర్చీ ఖాళీగా ఉండకూడదని కూర్చోబెట్టిన బొమ్మ. "ఇట్ ఈజ్ టూ లేట్", "ఇట్ ఈజ్ డిఫికల్ట్ టు గెట్ టికెట్స్", "ఇట్ సీమ్స్" వీటన్నిటిలోనూ ఆ బొమ్మే. అర్థం లేని మాటను వాడడం గుర్తుపెట్టుకోవడం చాలా కష్టం. అందుకే ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు కూడా "ఈజ్ వెరీ హాట్ టుడే", "ఈజ్ రెయినింగ్ దేర్?" అనేస్తుంటారు. నిజం చెప్పాలంటే ఇది పెద్ద నష్టం చేసే పొరపాటు కాదు. లేని బొమ్మ లేకపోతే అర్థం చెడదు.

నష్టం వచ్చేది అసలు మనుషులు మాయమైనప్పుడు. నోట్‌లోని "టోల్డ్ టు వెయిట్" మళ్ళీ చూద్దాం. ఇంగ్లీషులో చాలా క్రియలకు ఒక ఇబ్బంది ఉంది. చెప్పాను అనడానికీ, చెప్పబడ్డాను అనడానికీ ఒకటే రూపం వాడతారు. "ఐ టోల్డ్" అంటే నేను చెప్పాను. "ఐ వాజ్ టోల్డ్" అంటే నాకు చెప్పారు. ముందున్నవి తీసేస్తే రెండు చోట్లా మిగిలేది టోల్డ్ ఒక్కటే. పత్రికల శీర్షికల్లో, పొడి నోట్లలో ఇలా ఒంటరిగా కనిపించే టోల్డ్‌ను ఇంగ్లీషు పాఠకుడు రెండో అర్థంలో తీసుకోవడానికే ఎక్కువ అలవాటుపడ్డాడు. మన నోట్ తలకిందులైంది అందుకే. ఇన్ఫార్మ్డ్, ఆస్క్డ్, ఇన్‌స్ట్రక్టెడ్, పెయిడ్, ట్రాన్స్‌ఫర్డ్ అన్నీ ఈ జాతివే. "ఇన్ఫార్మ్డ్ అబౌట్ ద డిలే" అంటే ఆలస్యం గురించి మీరు చెప్పారా, మీకు ఎవరైనా చెప్పారా? "ఆగమన్నాను, ఆగమన్నాడు, ఆగమన్నారు" అంటూ తెలుగు చివరి అక్షరంతో తేల్చేసే తగువు ఇది.

ఇక "సెడ్ విల్ చెక్". చూసి చెబుతానన్నాడు అన్న మాటను విడదీస్తే చెబుతాను, అన్నాడు అని రెండు క్రియలు. రెంటికీ వేరువేరు తోకలు. అన్నాడులో అతను ఉన్నాడు. చెబుతానులో నేను ఉంది. కానీ ఆ నేను నోట్ రాసినవాడు కాదు, అన్నవాడే. తెలుగులో ఎదుటివాడి మాటను అతని నోట్లో ఉన్నట్టే ఉంచి, చివర అన్నాడు తగిలిస్తాం. ఇక్కడే దిద్దుకోబోయేవాళ్ళు రెండోసారి జారిపడతారు. కర్త వదిలేయకూడదని ఎవరో చెబితే, చెబుతానులోని నేనును పట్టుకొచ్చి "హి సెడ్ ఐ విల్ చెక్" అని రాస్తారు. కాగితం మీద కొటేషన్ గుర్తులు పెడితే అదీ నిలబడుతుంది. గుర్తులు లేకుండా రాసినా, ఫోన్‌లో చెప్పినా, ఆ ఐ నేరుగా చెప్పేవాడి నెత్తిన పడుతుంది. ముందున్న వాక్యంలో ఎవరన్నది అనుమానమే, ఇప్పుడు తప్పు మనిషి ఖాయమయ్యాడు. రావలసింది "హి సెడ్ హి వుడ్ చెక్". అదే క్లయింటు నన్ను చూడమని ఉంటే తెలుగులో చూసి చెప్పమన్నాడు అంటాం, ఇంగ్లీషులో "హి ఆస్క్‌డ్ మి టు చెక్".

పనిలో పని, ఇక్కడ తెలుగు గెలిచే చోటు కూడా చెప్పుకోవాలి. "వస్తానని చెప్పాడు" అంటే చెప్పినవాడే వస్తాడు. "వస్తాడని చెప్పాడు" అంటే ఇంకెవరో వస్తారు. ఒక్క అక్షరం తేడాతో ఇద్దరు మనుషులు విడిపోయారు. ఇంగ్లీషులో రెండిటికీ "హి సెడ్ హి వుడ్ కమ్" ఒక్కటే. ఆ రెండో హి ఎవరో తేల్చడానికి వాళ్ళు పేరు పెట్టాల్సిందే.

కర్త సంగతి ఇలా ఉంటే కర్మది ఇంకో దారి. తెలుగు క్రియలో కర్మ గుర్తు ఎప్పుడూ ఉండదు. "పుస్తకం తెచ్చావా?" అంటే "తెచ్చాను, బల్ల మీద పెట్టాను" అంటాం. దేన్ని పెట్టావని అడిగేవాడు తగువుకే వచ్చి ఉండాలి. అది ఇంగ్లీషులోకి "ఎస్, బ్రాట్. పుట్ ఆన్ ద టేబుల్" అని వస్తుంది. కొంచెం జాగ్రత్తపడ్డవాళ్ళు "ఐ బ్రాట్. ఐ పుట్ ఆన్ ద టేబుల్" అంటారు. కర్త వచ్చి చేరింది, ఇట్ మాత్రం రాలేదు. స్కూళ్ళలో టీచర్లు ఐ లేకపోతే వెంటనే పట్టుకుంటారు. ఇట్ లేకపోవడం మన చెవికే తట్టదు కాబట్టి వాళ్ళూ వదిలేస్తారు. ఏళ్ళ తరబడి ఇంగ్లీషులో పనిచేసినవాళ్ళ మాటల్లో కూడా చివరిదాకా మిగిలేది ఈ రెండోదే.

దీన్ని నేర్చుకోవడం కష్టం కావడానికి ఇంగ్లీషు కూడా కొంత కారణం. ఐ నో, ఐ ఫర్‌గాట్, ఐ అండర్‌స్టాండ్ అని కర్మ లేకుండా ఆపేయొచ్చు. ఐ లైక్, ఐ బాట్, ఐ బ్రాట్, ఐ పుట్ అని ఆపకూడదు. క్రియ క్రియకూ తీరు వేరు. తినడం, చదవడం లాంటివి మధ్యరకం. "ఐ హావ్ ఈటెన్" అంటే భోజనం అయిందని. అది బాగానే ఉంది. కానీ "ఫ్రిజ్‌లో నా మామిడిపండు నువ్వు తిన్నావా?" అని అడిగితే "ఎస్, ఐ ఏట్" చాలదు, "ఐ ఏట్ ఇట్" అనాలి. ఫలానా వస్తువు గురించి మాట వచ్చాక ఇంగ్లీషు దాన్ని వదలనివ్వదు. తెలుగులో వదిలేయడానికి అనువైన చోటు సరిగ్గా అదే. ఫలానా వస్తువేదో ఇద్దరికీ తెలిసిపోయింది కదా!

మన మార్కు వాక్యం ఇంకొకటి ఉంది. "హౌ వాజ్ ద ట్రిప్?" "వి ఎంజాయ్డ్ ఎ లాట్!" బ్రిటన్‌లో గానీ అమెరికాలో గానీ ఎంజాయ్డ్ తర్వాత ఇట్ అనో, అవర్‌సెల్వ్స్ అనో రాకపోతే వాక్యం గాల్లో ఆగినట్టుంటుంది. మన దేశంలో ఇది ఎంత పాతుకుపోయిందంటే, సరైన రూపం విన్నప్పుడే మనకు కొంచెం పుస్తకంలా వినిపిస్తుంది. నన్నడిగితే దీన్ని దిద్దడానికి పెద్దగా తాపత్రయపడక్కర్లేదు. ఎవరు ఎంజాయ్ చేశారో, దేన్నో వినేవాడికి తెలుస్తూనే ఉంది. అదే ఆస్పత్రి విషయానికి వస్తే అలా అనలేను. సెలవు కోసం "టుక్ ఫాదర్ టు హాస్పిటల్ అండ్ అడ్మిటెడ్" అని మెయిల్ పెడితే, అడ్మిట్ అనే క్రియకు కర్మ లేనప్పుడు ఒప్పుకోవడం అనే ఇంకో అర్థం వచ్చి కూర్చుంటుంది. నాన్నను ఆస్పత్రికి తీసుకెళ్ళి నేరం ఒప్పుకున్నట్టు! నాన్నను చేర్పించారా, డాక్టర్లే చేర్చుకున్నారా, తనే చేరాడా అన్నదీ తేలదు. "హి హాజ్ బీన్ అడ్మిటెడ్" అంటే అన్నీ సర్దుకుంటాయి.

ఆఫీసు ఇంగ్లీషు ఈ ఖాళీకి తనదైన మందు కనిపెట్టింది. ఇట్, దెమ్ అనడానికి మొహమాటపడి "ద సేమ్" అని రాస్తుంది. "ఐ హావ్ రిసీవ్డ్ ద ఫైల్ అండ్ ఫార్వర్డెడ్ ద సేమ్. కైండ్లీ కన్ఫర్మ్ ద సేమ్." గుమాస్తాల ఉత్తరాల నుంచి వచ్చిన ఈ ద సేమ్ వినడానికి బూజు పట్టినట్టున్నా, కర్మ స్థానాన్ని ఖాళీగా మాత్రం వదలదు. రెండు వస్తువుల గురించి రాసినప్పుడు ద సేమ్ దేన్ని సూచిస్తోందో ఎవరికీ తెలియదన్నది వేరే బాధ.

"మరి ఇంగ్లీషువాళ్ళూ వదిలేస్తారుగా?" అని ఎవరైనా అడగొచ్చు. వదిలేస్తారు. "హోప్ యు ఆర్ వెల్", "సౌండ్స్ గుడ్", "విల్ కాల్ యు లేటర్" అని రోజూ రాస్తారు. డైరీల్లో అయితే ఇది పాత ఆచారం. లండన్‌లో నౌకాదళ కార్యాలయ అధికారి శామ్యూల్ పీప్స్ 1660 నుంచి 1669 దాకా రాసిన ప్రఖ్యాత డైరీలో నేను లేకుండా మొదలయ్యే వాక్యాలు కొల్లలు. "వెంట్ టు ఆఫీస్" డైరీలో ఉంటే ఆయన కూడా తప్పుపట్టడు. లిలియన్ హేగెమన్ అనే భాషాశాస్త్రవేత్త ఇంగ్లీషు డైరీల మీద పరిశోధన చేసి, ఈ వదిలేయడానికి గట్టి హద్దులున్నాయని చూపించింది. వాక్యం మొట్టమొదట ఉన్న కర్తే పోవచ్చు. బికాజ్, వెన్, దట్ లాంటి మాటల తర్వాత పోకూడదు. వెన్, వేర్ లాంటి మాటలతో మొదలయ్యే ప్రశ్నల్లోనూ పోకూడదు. "కుడ్ నాట్ కమ్ ఎస్టర్‌డే" అని ఇంగ్లీషువాడు స్నేహితుడికి రాస్తాడు. "ఐ కుడ్ నాట్ కమ్ బికాజ్ వాజ్ సిక్" అని మాత్రం ఎంత తొందరలో ఉన్నా రాయడు. మనం రెండూ రాస్తాం. "వెన్ కేమ్, వాజ్ లాక్డ్" అని రాసిందెవరైనా అది మన పక్కింటివాడే అని చెప్పేయొచ్చు.

కర్మ వదిలేసే చోట్లూ వాళ్ళకున్నాయి. సీసా మీద "షేక్ వెల్ బిఫోర్ యూజ్" అని ఉంటుంది, దేన్నో చెప్పరు. సీసా చేతిలోనే ఉంది కాబట్టి. వంటల పుస్తకాల్లోనూ కలపండి, వేయించండి, దించండి అని మాత్రమే ఉంటుంది. వస్తువు కళ్ళముందున్న సూచనలకు ఆ సడలింపు, మెయిళ్ళకు కాదు.

కాబట్టి పంపబోయే మెయిల్‌ను సరిచూసుకోవడానికి వ్యాకరణ పుస్తకం అక్కర్లేదు. ప్రతి క్రియ దగ్గరా ఆగి, దాని తెలుగు రూపం ఏమిటో అనుకుని, ఆ తోకలో ఉన్న మనిషి ఇంగ్లీషు వాక్యంలో కనిపిస్తున్నాడా అని చూడాలి. ఆ తర్వాత దేన్ని, ఎవర్ని, ఎవరికి అని అడగాలి. మన నోట్‌కు ఇదే చేస్తే ఇలా తేలుతుంది: "ఐ చెక్డ్ ద సర్వర్. ఇట్ వాజ్ డౌన్, సో ఐ రీస్టార్టెడ్ ఇట్. ఐ కాల్డ్ ద క్లయింట్. హి సెడ్ హి వుడ్ చెక్ అండ్ కన్ఫర్మ్. ఐ టోల్డ్ హిమ్ టు వెయిట్ టిల్ మండే." పెరిగినవి చిన్న మాటలే. అమెరికా షిఫ్టులో ఉన్నవాడు ఎవరికీ ఫోన్ చేయకుండా పని అందుకోగలడు.

ఈ పాఠం అతిగా ఒంటబట్టినవాళ్ళకు ఇంకో జబ్బు వస్తుంది. కర్మ వదలకూడదన్నారు కదా అని "ద ఫైల్ విచ్ యు సెంట్ ఇట్" అని రాస్తారు. మీరు పంపిన ఫైలు అనేటప్పుడు తెలుగులో దాన్ని అని ఎక్కడా రాదు కదా. ఇక్కడ ఇంగ్లీషు కూడా మనలాగే ఖాళీ ఉంచుతుంది. విచ్ వచ్చాక ఇట్ రాకూడదు.

రెజ్యూమెలోనూ లెక్క మారిపోతుంది. "మేనేజ్డ్ ఎ టీమ్ ఆఫ్ సిక్స్", "రిడ్యూస్డ్ డౌన్‌టైమ్" అని క్రియతోనే మొదలుపెట్టడం అక్కడి ఆనవాయితీ. వరుసకొక ఐ పెడితే చదివేవాడికి చిరాకు. పేరు పైన పెద్దక్షరాల్లో ఉంది, చేసింది ఎవరో తెలుసు. ఆ వరుసలనే కాపీ కొట్టి కవర్ లెటర్‌లో అతికించినప్పుడు మాత్రం తీసేసిన ఐలన్నీ వెనక్కి తెచ్చి పెట్టాలి.